బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక: తేడా ఎక్కడుంది?

మార్చి 31న ఒక దుకాణం నగదు పుస్తకంలో బ్యాంకు నిల్వ రూ.50,000, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో రూ.56,700. తేదీ, మొత్తం, చెక్కు నంబరు చూస్తూ రెండింటిలోనూ ఉన్న పద్దులకు టిక్కు పెట్టాలి. మన డెబిట్ బ్యాంకుకు క్రెడిట్ అవుతుంది. అభ్యర్థులు తడబడేది ఇక్కడే.

టిక్కు పడనివి మూడు మిగిలాయి. సరఫరాదారుకు ఇచ్చిన రూ.12,000 చెక్కు ఇంకా బ్యాంకుకు రాలేదు, కాబట్టి నగదు పుస్తకం నిల్వకు కలపాలి. మనం జమచేసిన రూ.5,000 చెక్కు వసూలు కాలేదు, తీసేయాలి. బ్యాంకు కోసుకున్న ఛార్జీలు రూ.300 కూడా తీసేస్తే సరిగ్గా రూ.56,700 వస్తుంది.

వీటిలో పుస్తకంలో కొత్తగా రాయాల్సింది ఛార్జీలు మాత్రమే. మొదటి రెండూ కాలవ్యత్యాసాలు, వాటంతటవే సర్దుకుంటాయి. అయితే చెక్కు చెల్లుబాటు తేదీ నుంచి 3 నెలలే (2012 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధన). మనం ఇచ్చిన చెక్కు ఆ గడువు దాటినా బ్యాంకుకు రాకపోతే ఆ పద్దును రద్దుచేసి, సరఫరాదారు బాకీని తిరిగి చూపాలి.

ఇంకా తేడా మిగిలి, అది 9తో భాగింపబడితే అంకెలు తారుమారయ్యాయేమో చూడండి: 540 బదులు 450 రాస్తే తేడా 90.