"పేరుపేరునా ధన్యవాదాలు" అని రాసి ఒక్క పేరూ లేకపోతే? టీమ్ థ్యాంక్యూ మెసేజ్‌ని ఇలా తిరగరాయండి

ఫోన్ రివ్యూలో "కెమెరా అదిరింది" అని రాసి ఒక్క శాంపిల్ ఫొటో కూడా పెట్టకపోతే మీరు నమ్ముతారా? ఏ వెలుతురులో తీశారు, జూమ్ ఎంత, పక్క ఫోన్‌లో అదే ఫొటో ఎలా వచ్చింది అని అడుగుతారు. కష్టమైన ప్రాజెక్ట్ అయిపోయాక టీమ్‌కి పెట్టే థ్యాంక్యూ మెసేజ్‌కీ ఇదే లెక్క. "అందరూ అద్భుతంగా పనిచేశారు" అనేది శాంపిల్స్ లేని రివ్యూ. చదివినవాళ్లు ఒక థంబ్సప్ పెట్టి ముందుకెళ్లిపోతారు. అలాంటి ఒక మెసేజ్‌ని లైన్ బై లైన్ ఎలా మార్చామో ఈ ఆర్టికల్‌లో చూద్దాం.

అసలు ప్రాజెక్ట్ ఏంటి?

మేం మెట్టుగూడలో మెట్రో స్టేషన్‌కి దగ్గర్లోని ఒక చిన్న ఫ్లాట్‌లో కూర్చుని టెస్టులు చేస్తాం. ఈమధ్య ఆరు ఫోన్ల పోలిక వీడియో ఒకటి చేశాం. మొత్తం తొమ్మిది రోజుల పని. గురువారం మధ్యాహ్నం 12 గంటలకు ఎంబార్గో ముగుస్తుంది, ఆలోపు వీడియో రెడీగా ఉండాలి. మంగళవారం సాయంత్రం అందులో ఒక ఫోన్‌కి కెమెరా అప్‌డేట్ వచ్చింది. దాంతో ఆ ఫోన్‌తో తీసిన శాంపిల్స్ అన్నీ పాత సాఫ్ట్‌వేర్‌వి అయిపోయాయి. ఆ ఒక్క ఫోన్‌తో మళ్లీ తీస్తే చాలదు. మిగతా ఐదింటితో కూడా అదే వెలుతురులో తీయకపోతే పోలిక చెల్లదు. రెండు రాత్రులు ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు.

శుక్రవారం మా టీమ్ లీడ్ గ్రూప్‌లో పెట్టడానికి ఒక మెసేజ్ రాసి, "పంపేముందు ఒకసారి చూడు, ఎందుకో సర్క్యులర్‌లా ఉంది" అని నాకు ఇచ్చాడు. అది ఇదీ:

"డియర్ టీమ్, ఈ ప్రాజెక్ట్ విజయవంతం కావడానికి అహర్నిశలు శ్రమించిన ప్రతి ఒక్కరికీ పేరుపేరునా హృదయపూర్వక ధన్యవాదాలు. ఎన్ని ఒత్తిళ్లు ఎదురైనా ఒక కుటుంబంలా నిలబడ్డారు. మీ డెడికేషన్ అమోఘం. ఇదే స్పీడ్‌తో వచ్చే నెల లాంచ్‌ని కూడా దుమ్ములేపుదాం!"

ఇందులో ఏం తేడా కొడుతోంది?

అతను మనస్ఫూర్తిగానే రాశాడు. కానీ ఆ మనసు మాటల్లో కనిపించట్లేదు. "పేరుపేరునా" అన్నాడు, ఒక్క పేరూ లేదు. "అహర్నిశలు శ్రమించిన" అనేది సన్మాన సభల్లో, ఫ్లెక్సీల మీద కనిపించే మాట. మా లీడ్ రోజూ అలా మాట్లాడడు. "ఒత్తిళ్లు ఎదురైనా" అన్నచోట ఒత్తిడి ఎక్కడి నుంచి వచ్చిందో లేదు. అదేదో వానలా దానంతటదే పడినట్టుంది. ఇక చివరి లైన్ చదివితే ఆ థ్యాంక్స్ అంతా వచ్చే నెల పనికి ఇచ్చిన అడ్వాన్స్‌లా అనిపిస్తుంది.

ఇలాంటివి పట్టుకోవడానికి నేను వాడేది పేరు మార్చే టెస్ట్. ఒక వాక్యంలో ఒకరి పేరు తీసి ఇంకొకరి పేరు పెట్టండి. అప్పుడు కూడా అది నిజమే అయితే, ఆ వాక్యం ఎవరి గురించీ చెప్పట్లేదని అర్థం. పై మెసేజ్‌ని ఏ ఆఫీసులో, ఏ ప్రాజెక్ట్‌కైనా పెట్టుకోవచ్చు. అంటే టెస్ట్‌లో ఫెయిల్.

స్టెప్ 1: ముందు శాంపిల్స్ సేకరించండి

మంచి మాటలు వెతక్కండి, జరిగిన పనులు వెతకండి. మేం మూడు చోట్ల చూశాం. మొదటిది మంగళవారం నుంచి గురువారం దాకా వాట్సాప్ గ్రూప్ చాట్. రెండోది టెస్ట్ రిజల్ట్స్ ఉన్న షీట్. గూగుల్ షీట్స్‌లో File > Version history > See version history లోకి వెళ్తే ఏ మార్పు ఎవరు, ఎప్పుడు చేశారో తెలుస్తుంది.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఒక్కొక్కరిని విడిగా ఒకే ప్రశ్న అడగడం: "ఈ తొమ్మిది రోజుల్లో నీ పని ఎవరివల్ల తేలికైంది?" చాట్‌లో ఎక్కువ మాట్లాడినవాళ్ల పని ఎలాగూ కనిపిస్తుంది. సైలెంట్‌గా చేసినవాళ్ల పని ఈ ప్రశ్నతోనే బయటికొస్తుంది. మా కేసులో ఎడిటింగ్ చేసే అక్క చెప్పింది: షీట్ చూసే అమ్మాయి ఎవరూ అడక్కుండానే పాత ఫొటోలన్నిటి ఫైల్ పేర్ల చివర `_old` అని పెట్టిందట. అందుకే పాతవి, కొత్తవి కలిసిపోలేదు. ఈ సంగతి లీడ్‌కి అస్సలు తెలియదు, గ్రూప్‌లో ఎక్కడా లేదు.

స్టెప్ 2: ఏం చేశారు, ఏ పరిస్థితిలో, దానివల్ల ఏమైంది

ఒక్కొక్కరికి ఈ మూడూ ఉండేలా రెండు మూడు వాక్యాలు చాలు. కెమెరా చూసే తమ్ముడి లైన్ మూడు డ్రాఫ్టుల్లో ఎలా మారిందో చూడండి.

మొదటిది: "కెమెరా పని సూపర్!" ఇది శాంపిల్ లేని రివ్యూ.

రెండోది: "రాత్రంతా మేల్కొని ఫొటోలు మళ్లీ తీశావు, థ్యాంక్స్ రా." ఇది నయమే, కానీ ఇక్కడ మెచ్చుకుంటున్నది నిద్ర మానుకోవడాన్ని. చదివిన మిగతావాళ్లకి "ఇక్కడ పేరు రావాలంటే రాత్రిళ్లు మేల్కోవాలి" అనే మెసేజ్ వెళ్తుంది.

మూడోది: "మంగళవారం అప్‌డేట్ వచ్చాక ఆ ఒక్క ఫోన్‌తో సరిపెట్టకుండా, ఆరు ఫోన్లతోనూ 24 చోట్లా మళ్లీ తీశావు. అందుకే పోలిక ఒకే వెలుతురులో నిలబడింది." ఇప్పుడు మెచ్చుకుంటున్నది అతను తీసుకున్న సరైన నిర్ణయాన్ని. పేరు మార్చి చూడండి, వాక్యం అబద్ధమైపోతుంది. మనకు కావాల్సింది అదే.

ఒక జాగ్రత్త. వివరాలు మరీ ఎక్కువైతే మెసేజ్ చేంజ్‌లాగ్‌లా తయారవుతుంది. ఒక మనిషికి ఒక పని చాలు, అదీ ఆ మనిషి తనంతట తాను గర్వంగా చెప్పుకునేది అయితే మేలు. ఒకరికి ఐదు లైన్లు, ఇంకొకరికి ఒక లైన్ ఉన్నా చదివేవాళ్లు లెక్కపెడతారు. ఎవరి గురించైనా రాయడానికి ఏమీ దొరక్కపోతే విశేషణాలతో నింపకండి, స్టెప్ 1 ప్రశ్న ఇంకో ఇద్దరిని అడగండి.

స్టెప్ 3: ఒత్తిడి గురించి కర్తతో సహా రాయండి

తెలుగులో "ఇబ్బంది కలిగింది", "ఆలస్యం జరిగింది" అంటే చాలు, ఎవరివల్ల అనేది మాయమైపోతుంది. థ్యాంక్యూ మెసేజ్‌లో సరిగ్గా అక్కడే నమ్మకం పోతుంది. రీషూట్ చేయాలన్నది మా లీడ్ నిర్ణయం. కాబట్టి "ఒత్తిళ్లు ఎదురైనా" అన్న మాట తీసేసి, "మళ్లీ తీద్దాం అన్నది నేను, దాని బరువు పడింది మీమీద" అని పెట్టాం. దాని వెనకే "కానీ రిజల్ట్ మాత్రం అదిరింది కదా" అని తగిలించలేదు. ఆ "కానీ" ముందు చెప్పినదంతా చెరిపేస్తుంది. అలాగే మీది కాని నిర్ణయాన్ని మీదని రాసుకోకండి, అది నటనలా ఉంటుంది.

బాధ్యత పైవాళ్లు తీసుకుని క్రెడిట్ పనిచేసినవాళ్లకి ఇవ్వడానికి మన శ్రీహరికోటలోనే పెద్ద ఉదాహరణ ఉంది. 1979 ఆగస్టు 10న ఎస్ఎల్‌వీ-3 మొదటి ప్రయోగం విఫలమైనప్పుడు ప్రెస్ ముందుకి ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్ వచ్చి బాధ్యత తనమీద వేసుకున్నారు. 1980 జూలై 18న అదే రాకెట్ సక్సెస్ అయినప్పుడు మాత్రం ప్రెస్‌తో మాట్లాడమని ప్రాజెక్ట్ డైరెక్టర్ అబ్దుల్ కలామ్‌ని పంపారు. కలామ్ ఈ విషయం తర్వాత చాలా ప్రసంగాల్లో చెప్పారు.

సెలవు గురించి రాస్తే అది అప్పటికే ఖాయమై ఉండాలి. "రెస్ట్ తీసుకోండి" అనడం ఖర్చులేని మాట. మా లీడ్ ముందు సోమ, మంగళ వారాల సెలవు ఓకే చేయించాడు, ఆ తర్వాతే మెసేజ్‌లో రాశాడు.

స్టెప్ 4: రోజూ పిలిచేలాగే పిలవండి

రోజూ "నువ్వు" అనే తమ్ముణ్ని మెసేజ్‌లో "మీరు" అంటే హెచ్ఆర్ లెటర్ వచ్చినట్టుంటుంది. "అక్కా, మీరు" అని పిలిచేవాళ్లని అలాగే పిలవండి. మీ నోట ఎప్పుడూ "ధన్యవాదాలు" రాకపోతే "థ్యాంక్స్" అనే రాయండి. "కుటుంబంలా" అన్న మాట కూడా తీసేశాం.

ఫైనల్ వెర్షన్

ప్రైవసీ కోసం పేర్లు తీసి, వాళ్ల పనితో పిలుస్తున్నాను.

"వీడియో గురువారం 12కి టైమ్‌కి వెళ్లింది. మంగళవారం, బుధవారం రాత్రులు మీకెవరికీ నిద్ర లేదు. మళ్లీ తీద్దాం అన్నది నేను, దాని బరువు పడింది మీమీద.

కెమెరా తమ్ముడూ, ఆ ఒక్క ఫోన్‌తో సరిపెట్టకుండా ఆరింటితోనూ 24 చోట్లా మళ్లీ తీశావు. అందుకే పోలిక ఒకే వెలుతురులో నిలబడింది.

బ్యాటరీ తమ్ముడూ, ఒక ఫోన్ రిజల్ట్ తేడాగా ఉందని నువ్వే ఆపావు. అప్‌డేట్ తర్వాత అడాప్టివ్ బ్రైట్‌నెస్ మళ్లీ ఆన్ అయిందని పట్టుకుని, 200 నిట్స్‌కి సెట్ చేసి టెస్ట్ మొదటి నుంచి నడిపావు. తప్పు నంబర్ వీడియోలోకి రాలేదు.

షీట్ చూసే చెల్లీ, పాత ఫైళ్లకి `_old` పెట్టింది నువ్వని నిన్ననే తెలిసింది. ఒక్క పాత ఫొటో కూడా ఫైనల్‌లోకి జారలేదు.

అక్కా, మీరు వాయిస్ ఓవర్ కదపకుండా 11 క్లిప్పులు మార్చారు. మళ్లీ రికార్డ్ చేయాల్సి వచ్చుంటే 12కి అందేది కాదు.

సోమ, మంగళ సెలవు ఓకే అయింది. ఫోన్లు నా దగ్గరే ఉంటాయి. థ్యాంక్స్."

వచ్చే నెల లాంచ్ మాట ఇందులో లేదు. అది సెలవు తర్వాత వేరే మెసేజ్‌లో వెళ్లింది.

పంపేముందు చెక్ చేయాల్సినవి

ప్రతి లైన్‌కీ పేరు మార్చే టెస్ట్ చేయండి. నంబర్లు ఒకసారి సరిచూసుకోండి, 24ని 20 అని రాస్తే చేసినవాళ్లకి అదే కనిపిస్తుంది. ఇంట్లో సమస్య ఉన్నా, ఒంట్లో బాగోకపోయినా వచ్చి పనిచేశారనే సంగతి వాళ్లని అడక్కుండా గ్రూప్‌లో పెట్టకండి, కావాలంటే విడిగా చెప్పండి. ప్రాజెక్ట్ అయిన రెండు మూడు రోజుల్లోపే పంపండి, ఆలస్యమయ్యేకొద్దీ వివరాలు మర్చిపోయి మళ్లీ విశేషణాలే మిగులుతాయి.

ఈ పద్ధతి నలుగురైదుగురు ఉన్న టీమ్‌కి బాగా సరిపోతుంది. నలభై మంది ఉంటే ఒకే మెసేజ్‌లో అందరి గురించీ రాయడం కుదరదు. అప్పుడు చిన్న టీమ్‌ల లీడ్స్ ఎవరి మెసేజ్ వాళ్లు రాయాలి, ఎందుకంటే ఫైల్ పేరు చివర `_old` పెట్టింది ఎవరో దగ్గర్లో ఉన్నవాళ్లకే తెలుస్తుంది.