పసుపును దాచే ఊదా షాంపూ

తెల్లబట్టలు పసుపుబారితే మీ అమ్మగారు బకెట్టు నీళ్లలో కాస్త నీలిమందు వేసి జాడించడం చూశారు కదా! శ్రీనగర్ కాలనీ, ఫిలింనగర్ సెలూన్లలో వాడే ఊదారంగు షాంపూ చేసే పనీ ఇంచుమించు అదే.

మన జుట్టుకు నలుపునిచ్చేది మెలనిన్ అనే వర్ణకం. వేషం కోసం ఒక నటుడి నల్లజుట్టును వెండిలా మార్చాలనుకోండి. ముందుగా పూసే హైడ్రోజన్ పెరాక్సైడ్ వెంట్రుకలోకి దిగి మెలనిన్‌ను విచ్ఛిన్నం చేస్తుంది. నలుపు పోతూ ఎరుపు, తర్వాత నారింజ, చివరకు లేత పసుపు తేలుతాయి. ఇంకా తెల్లబరచబోతే వెంట్రుకే తెగిపోతుంది. అందుకే అరటితొక్క లోపలివైపు రంగు రాగానే ఆపేస్తారు.

మరి మిగిలిన పసుపు మాటేమిటి? ఆ వెంట్రుక నీలి, ఊదా కాంతులను పీల్చుకుంటోంది కనుక పసుపుగా కనిపిస్తోంది. షాంపూలోని ఊదా రంగేమో పసుపు కాంతిని పీల్చుకుంటుంది. రెండూ కలిసేసరికి అన్ని కాంతులూ సమంగా తగ్గి, జుట్టు వెండిలా అగుపిస్తుంది. అంటే షాంపూ జుట్టును తెల్లబరచలేదు, రవ్వంత ముదురు చేసింది! నారింజ దగ్గరే ఆగిన జుట్టుకు ఇది పనికిరాదు. దానికి నీలిరంగు కావాలి.

వారానికోసారి, రెండు మూడు నిమిషాలు ఉంచితే చాలు. ఎక్కువసేపు ఉంచితే, గుల్లబారిన కొసలు రంగును అతిగా పీల్చుకుని వంకాయరంగుకు తిరుగుతాయి. మామూలు షాంపూతో కొన్నిసార్లు కడిగితే అది వదులుతుంది. మిగతా రోజుల్లో వాడే 'కలర్ సేఫ్' షాంపూలో ఈ ఊదా రంగు ఉండదు. అది మురికిని మృదువుగా తీస్తుంది, అంతే. తల తడిసినప్పుడల్లా వేసిన రంగు కొంత పోతూనే ఉంటుంది.