నామావళి కూర్చేవారికి

గోదావరి తల్లికి అష్టోత్తరం రాయాలని ఎవరైనా వస్తే నేను చెప్పే మాటలివి.

1. ముందు నామాలు ఏరుకోకండి, వరస తేల్చుకోండి. లలితా సహస్రనామంలో అమ్మవారి రూపవర్ణన కురుల నుంచి పాదాల దాకా దిగుతుంది. నదికి అది కుదరదు, ఏటి నడకే వరస. త్ర్యంబకంలో పుట్టుక, గౌతముడి తపస్సు, తర్వాత బాసర, కాళేశ్వరం దగ్గర ప్రాణహిత, భద్రాచలం, కూనవరం దగ్గర శబరి, పాపికొండలు, రాజమహేంద్రవరం, చివరికి అంతర్వేది. ఈ లెక్కన ‘ప్రాణహితాసంగతాయై’ ముందు, ‘శబరీసంగతాయై’ తర్వాత, ‘సాగరగామిన్యై’ చివర్లో రావాలి. శబరి ముందొస్తే వ్యాకరణం రాని పడవవాడు కూడా తప్పు పట్టేస్తాడు. పైరుపచ్చల నామాలు ధవళేశ్వరం దాటి పాయలు విడిపోయే చోటికి దాచుకోండి. కోనసీమ లేకుండా అవి పొసగవు.

2. ‘నమః’ పక్కన చతుర్థీ విభక్తి తప్పదు. గోదావరీ అంటే గోదావర్యై, పుణ్యసలిలా అంటే పుణ్యసలిలాయై. పావనీ శబ్దానికి పావన్యై, ‘పావనాయై’ కాదు. అసలు చిక్కు ఇక్కడే: యై, యై అని చెవికి అలవాటు పడ్డాక అన్నిటికీ అదే తగిలిస్తారు. లోకమాతృ శబ్దానికి ‘లోకమాత్రే’ అనే అనాలి, ‘లోకమాతాయై’ అనకూడదు. సప్తస్రోతస్ శబ్దానికి ‘సప్తస్రోతసే’ సరైన రూపం. అచ్చుకిచ్చినప్పుడు దాన్ని ఎవరో ‘సప్తస్రోతాయై’ అని దిద్దేస్తారని భయముంటే ‘సప్తధారాయై’ వేసుకోండి, అర్థమూ నిలుస్తుంది, లయా కుదురుతుంది. శాంత్యై, శాంతయే రెండూ సాధువులే. అలాంటివాటిలో ఏదో ఒక పద్ధతి పట్టుకుని, చివరిదాకా అదే నడపండి. పుంలింగంలో ఇంకా జాగ్రత్త కావాలి. ‘హరయే’ బదులు ‘హరాయ’ అంటే విష్ణువుకు వేయాల్సిన పువ్వు శివుడికి పడుతుంది. ఆయన కాదనడనుకోండి!

3. ఎనభై దాటాక సరుకు అయిపోతుంది. అప్పుడు ఏ దేవతకైనా సరిపోయే నామాలు దొర్లుతాయి. ప్రతి నామం పక్కనా దాని అర్థం తెలుగులో రాసి చూడండి. పుణ్యజలాయై, పుణ్యసలిలాయై రెంటికీ ఒకే అర్థం తేలుతుంది, ఒకటి కొట్టేయండి. విష్ణు సహస్రనామంలో మళ్లీ వచ్చిన నామాలకు శంకరులు వేరే అర్థాలు చూపించారు. మనకు అంతటి భాష్యకారుడు దొరకడు.

4. పూజారి చేత ఒకసారి గట్టిగా చదివించండి. ‘త్ర్యంబకాచలశిఖరోదుంబరమూలనిర్గతాయై’ కాగితం మీద ఘనంగా కనిపిస్తుంది. చదివేటప్పుడు ఊపిరి చాలక సమాసం నడుమ విరుగుతుంది, కుంకుమ వేసే చెయ్యి గాలిలో ఆగిపోతుంది. దాన్ని ‘త్ర్యంబకాద్రిసంభూతాయై’, ‘ఉదుంబరమూలనిర్గతాయై’ అని రెండు చేయండి. ఇందాక కొట్టేసిన పునరుక్తి లోటు కూడా దీంతో పూడుతుంది.