గంజి చీర, పట్టు చీర: ఆఫీసుకు కట్టేవాళ్లకు

మంగళగిరి కాటన్‌నీ ధర్మవరం పట్టునీ ఒకే బీరువాలో, ఒకే తీరుగా మడిచి పెట్టేస్తుంటాం. చీరలు చాలావరకు పాడయ్యేది అక్కడే.

కాటన్‌కు గంజి ఉంటేనే కుచ్చిళ్లు నిలుస్తాయి. కానీ రోజంతా కుర్చీలో కూర్చునే మనకు చిక్కటి గంజి పనికిరాదు. మధ్యాహ్నానికల్లా వెనకవైపు ముడతలు గట్టిపడి, అసలు ఇస్త్రీయే చేయనట్టు కనిపిస్తుంది. అన్నం వార్చిన గంజిని పలుచటి గుడ్డలో వడగట్టి, అర బకెట్ నీళ్లకు ఒక మగ్గు కలిపితే చాలు. వడగట్టకపోతే ముదురు రంగు చీర మీద తెల్లటి మచ్చలు తేలతాయి. నీడన ఆరేసి, కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేయండి. గంజితో ఉన్న చీరను మాత్రం నెలల తరబడి దాచకండి. గంజి వాసనకు పురుగు చేరుతుంది, మడత దగ్గర దారం పెళుసవుతుంది. ఎండాకాలం అయ్యాక లోపల పెట్టే చీరల్ని గంజి పోయేదాకా ఉతికి పెట్టండి.

పట్టుకు గంజి వద్దు. అది చిరిగేది ఎక్కువగా మడత గీత మీదే, జరీ ఉన్నచోట మరీనూ. రెండు మూడు నెలలకోసారి విప్పి, నీడన గాలికి ఆరేసి, పాత గీత తప్పించి వేరేచోట మడవండి. షాపువాళ్లిచ్చిన ప్లాస్టిక్ కవరు తీసేసి పాత కాటన్ గుడ్డలో చుట్టండి. కవరులో తేమ చిక్కుకుంటే జరీ నల్లబడుతుంది.

ఇక గద్వాల్ చీర. ఒళ్లంతా కాటన్, అంచూ కొంగూ పట్టు. రివ్యూ మీటింగ్‌కి కట్టుకెళ్లారు, లంచ్‌లో కొంగు మీద సాంబారు ఒలికింది. వెంటనే వాష్‌రూమ్‌కి పరిగెత్తి నీళ్లతో రుద్దుతాం కదా, అదే తప్పు. మరక చుట్టూ నీటి గీత పడుతుంది, పట్టు నలుగుతుంది, రంగు కూడా దిగవచ్చు. పొడి టిష్యూతో అద్ది వదిలేయండి. రాత్రి ఆరేసి, మర్నాడే డ్రై క్లీనింగ్‌కి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు మరక ఎక్కడుందో, దేనిదో చెప్పి రసీదు మీద రాయించండి. డ్రై క్లీనింగ్ ద్రావకం నూనెను తీస్తుంది కానీ చెమటనూ టీలోని చక్కెరనూ సరిగా తీయదు. వాటికి విడిగా పని చేయాలి. చెప్పకపోతే ఆ మరక అప్పటికి కనిపించకుండా ఉండి, కొన్నాళ్లకు పచ్చగా బయటపడుతుంది. పసుపు మరక పూర్తిగా పోతుందని ఎవరు మాటిచ్చినా నమ్మకండి.

గద్వాల్‌కి గంజి పెట్టించాలా? ఒళ్లు కాటనే అయినా, బకెట్లో ముంచితే గంజి పట్టు అంచుకూ పడుతుంది. అందుకే దాన్ని పట్టు చీరగానే చూడండి. గంజి వద్దని, రోలింగ్ చాలని చెప్పండి. తిరిగి తీసుకునేటప్పుడు కొంగు విప్పి, వెలుతురులో చూశాకే డబ్బులివ్వండి. మీటింగ్ ముందురోజు చేతికొచ్చేలా మాత్రం ఇవ్వకండి. మరక మిగిలితే మళ్లీ చేయించడానికి టైమ్ ఉండాలి.