డిశ్చార్జి కాగితంలో ఏముంది?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. గుండెపోటు వస్తే స్టెంట్ వేసి మొన్న ఇంటికి పంపారు. డిశ్చార్జి సమ్మరీని ఫోటో తీసి పంపుతున్నాను. ఏ మాత్ర ఎప్పుడు వేయాలో, ఏం కనిపిస్తే ఆసుపత్రికి పరుగెత్తాలో అర్థమయ్యేలా చెప్పండి.
– ఒక పాఠకురాలు, జగిత్యాల

జవాబు: అమ్మా, మీ ఫోటోలో మందుల జాబితాలు రెండున్నాయి. మొదటిది ఆసుపత్రిలో ఇచ్చిన వాటిది. అందులోని ఇంజెక్షన్లూ, క్లోపిడోగ్రెల్ మాత్రా అక్కడితో అయిపోయాయి. చాలా ఇళ్లలో పొరపాటు జరిగేది ఇక్కడే. మీరు చూడాల్సింది రెండో పేజీలో డిశ్చార్జి మందులు అన్న చోటు మాత్రమే.

దాని ప్రకారం ఉదయం టిఫిన్‌కు అరగంట ముందు పాంటాప్రజోల్ 40. టిఫిన్ అయ్యాక ఆస్పిరిన్ 75, టికాగ్రెలార్ 90, రామిప్రిల్ 2.5, మెటోప్రోలాల్ ఒక్కొక్కటి. రాత్రి భోంచేశాక టికాగ్రెలార్ మరొకటి, అటార్వాస్టాటిన్ ఒకటి. టికాగ్రెలార్ పక్కన ఉన్న 1-0-1కి అర్థం ఉదయం ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి అని. సార్బిట్రేట్ ఎదురుగా ఎస్ఓఎస్ అని ఉంది కాబట్టి అది రోజూ వేసేది కాదు, ఛాతీ నొప్పి వస్తేనే.

మెటోప్రోలాల్ దగ్గర కాగితం మడతపడింది. అది 25 మిల్లీగ్రాములో 50యో ఫోటోలో కనిపించడం లేదు. ఊహించి చెప్పను, ఎక్కువైతే నాడి, బీపీ పడిపోతాయి. ఈ రోజే వార్డుకు ఫోన్ చేసి, ఐపీ నంబరు చెప్పి కనుక్కోండి. నాన్నగారికి ముందునుంచీ బీపీ ఉందని సమ్మరీలో రాశారు. ఇంట్లో ఉన్న పాత బీపీ మాత్ర పేరు చదివి, దాన్ని ఆపాలా ఉంచాలా అన్నదీ అప్పుడే అడగండి. రామిప్రిల్ కూడా బీపీ మందే మరి.

ఆస్పిరిన్, టికాగ్రెలార్ మాత్రం కార్డియాలజిస్టు చెప్పకుండా ఆపవద్దు. ఆపితే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టి మళ్లీ గుండెపోటు రావచ్చు. పన్ను పీకించుకోవాలన్నా ముందు ఆయన్ను అడగాలి. ఒక పూట మరిచిపోతే తర్వాతి పూట రెండు వేయకండి, మామూలుగా ఒకటే.

ఛాతీ నొప్పి వస్తే కూర్చోబెట్టి సార్బిట్రేట్ 5 నాలుక కింద పెట్టండి. నిలబడి వేసుకుంటే బీపీ తగ్గి పడిపోవచ్చు. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి, ఆటో కోసం చూడకండి. విరేచనం తారులా నల్లగా అయినా, రక్తపు వాంతి అయినా, స్పృహ తప్పినా, పడుకుంటే ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికే. మణికట్టు దగ్గర గొట్టం పెట్టిన చోట రక్తం కారితే గట్టిగా అదిమి పట్టుకుని బయలుదేరండి.

కూర్చున్నప్పుడు కూడా ఊపిరి కాస్త అందనట్టు అనిపిస్తోందంటే అది టికాగ్రెలార్ వల్ల కావచ్చు. అయినా మాత్ర ఆపకుండా అదే రోజు డాక్టరుకు చెప్పాలి.

వారం తర్వాత చూపించుకోమన్నారు. రామిప్రిల్ వేస్తున్నారు కాబట్టి క్రియాటినిన్, పొటాషియం పరీక్ష కూడా రాశారు. ఆ రిపోర్టు చేతికొచ్చాకే వెళ్లండి, మాత్రల స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసుకుని.