సింగపూర్ పోస్టింగ్: పన్ను ఎవరు కడతారో తేలాకే ప్యాకేజీ లెక్క

కంపెనీ మిమ్మల్ని సింగపూర్ పంపడానికి రెండు దారులున్నాయి. ఒకటి, ఇక్కడి ఉద్యోగం వదిలేసి అక్కడి కంపెనీలో కొత్తగా చేరడం. అప్పుడు అక్కడి జీతం, అక్కడి పన్ను, అద్దె, పిల్లల ఫీజు అన్నీ మీవే. రెండోది అసైన్‌మెంట్. ఉద్యోగం హైదరాబాద్ కంపెనీలోనే ఉంటుంది, రెండు మూడేళ్లు అక్కడ పనిచేసి రావాలి. ఇల్లు, బడి, టికెట్లు, పన్ను అంటూ వచ్చే ప్యాకేజీ ఈ రెండో దారిది. ఏ దారిలో పంపుతున్నారో హెచ్‌ఆర్‌ను మొదటి రోజే అడగండి. సింగపూర్‌తో మనకు సామాజిక భద్రత ఒప్పందం లేదు. విదేశీయులకు అక్కడి సీపీఎఫ్ కూడా వర్తించదు. కాబట్టి మొదటి దారిలో వెళ్తే ఇక్కడి పీఎఫ్ ఆగిపోతుంది, అక్కడ దాని స్థానంలో ఏమీ రాదు. అసైన్‌మెంట్ అయితే ఇక్కడి పీఎఫ్, సర్వీసు కొనసాగుతాయని లెటర్‌లో రాయించుకోవాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్‌లో ఏడాదికి 39 లక్షల జీతమున్న 36 ఏళ్ల ప్రాజెక్ట్ మేనేజర్, భార్య, బడికి వెళ్లే ఒక బిడ్డ. లెక్క సులువుగా ఉండటానికి సింగపూర్ డాలరు 65 రూపాయలు అనుకుందాం. జీతం 60,000 డాలర్లు. దానిమీద జీవన వ్యయ అలవెన్సు నెలకు 4,000, అంటే ఏడాదికి 48,000. నెలకు చేతికి రావలసిన నగదు మొత్తం 9,000 డాలర్లు. కంపెనీ నేరుగా కట్టేవి మూడు: ఇంటి అద్దె నెలకు 4,500 చొప్పున ఏడాదికి 54,000, బడి ఫీజు 24,000, సెలవు టికెట్లు 4,000.

నగదు 9,000 దగ్గరే ఎందుకు పెట్టానంటే, అక్కడి వీసా నియమాలు దాన్ని నిర్ణయిస్తాయి. ఎంప్లాయ్‌మెంట్ పాస్‌కు 2025 నుంచి కనీస జీతం 5,600 డాలర్లు. వయసుతో పాటు అది పెరుగుతూ 45 ఏళ్లకు 10,700 అవుతుంది. కుటుంబానికి డిపెండెంట్ పాస్ రావాలంటే నెల జీతం కనీసం 6,000 ఉండాలి. ఇంటి అద్దెను కంపెనీ నేరుగా యజమానికి కడితే దాన్ని స్థిర నెల జీతంలో చూపలేరు. ఇలా నగదు తగ్గించి సౌకర్యాలు పెంచిన ప్యాకేజీలు కాగితం మీద కళకళలాడుతూ, పాస్ దరఖాస్తు దగ్గర చతికిలబడుతుంటాయి.

ఇక పన్ను. మిగతావన్నీ నిజంగా మీవేనా కాదా తేల్చేది ఇదే. సింగపూర్ పన్ను తక్కువని అందరికీ తెలుసు. 20,000 డాలర్ల దాకా సున్నా, పై శ్లాబు 24 శాతం. మన మేనేజర్ నగదు 1,08,000 డాలర్లకు వ్యక్తిగత మినహాయింపులు పక్కన పెడితే అక్కడ పన్ను 6,570 డాలర్లు, అంటే దాదాపు 4.27 లక్షల రూపాయలు. అదే 39 లక్షలకు ఇండియాలో 2025-26 కొత్త విధానం ప్రకారం ఎంత? 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోగా 38.25 లక్షల మీద సెస్సుతో కలిపి 7,56,600. ఇంతవరకు చూస్తే సింగపూర్‌లో పన్ను కట్టుకోవడమే లాభం అనిపిస్తుంది.

అయితే కంపెనీ కట్టే అద్దె, బడి ఫీజు, టికెట్లు కూడా అక్కడి పన్ను శాఖ దృష్టిలో మీ ఆదాయమే. సెలవు టికెట్ల విలువలో ఒకప్పుడు 20 శాతాన్నే ఆదాయంగా లెక్కించేవారు. 2018 మదింపు సంవత్సరం నుంచి ఆ వెసులుబాటు తీసేశారు. ఈ మూడింటికీ కంపెనీ పెట్టే ఖర్చునే విలువగా తీసుకుంటే ఆదాయం 1,90,000 డాలర్లకు చేరుతుంది. పన్ను 19,350 డాలర్లు, మన డబ్బులో 12.58 లక్షలు. ఎన్నడూ చేతిలోకి రాని డబ్బు మీద 8.3 లక్షల అదనపు పన్ను! లెటర్‌లో పన్ను గురించి ఒక్క ముక్క లేకపోతే ఇది మీ జేబులోంచి పోతుంది. 'ఫ్రీ ఇల్లు' అనే మాటను నేను నమ్మనిది ఇందుకే.

దీనికి మందు ట్యాక్స్ ఈక్వలైజేషన్. సూత్రం తేలిక. ఇండియాలోనే ఉండి ఉంటే ఎంత పన్ను కట్టేవారో అంతే మీ భారం, అంతకు మించింది కంపెనీది. ఆ 7,56,600 రూపాయలను 'హైపోథెటికల్ ట్యాక్స్' పేరుతో నెలకు 63,050 చొప్పున జీతంలో కోస్తారు. రూపాయి కూడా ప్రభుత్వానికి పోదు, కంపెనీ దగ్గరే ఉంటుంది. అసలు పన్ను, ఏ దేశంలో ఎంత పడినా, కంపెనీ కడుతుంది. నిజానికి ఈ లెక్కలో ఇంకో రెండు మెలికలుంటాయి. కోసిన హైపో పన్ను సింగపూర్ ఆదాయంలోంచి తగ్గుతుంది. మీ తరఫున కంపెనీ కట్టిన పన్ను మళ్లీ మీ ఆదాయంగా కలుస్తుంది. ఈ పెరుగుదల భారం కూడా కంపెనీదే అని రాసి ఉండాలి.

పూర్తి ప్యాకేజీ ఉన్న మన మేనేజర్‌కు ఈక్వలైజేషన్ మేలే: 12.58 లక్షల బదులు 7.57 లక్షలు. ఇదే మనిషికి ఇల్లు, బడి లేకుండా 9,000 డాలర్ల నగదు మాత్రమే ఇచ్చి ఈక్వలైజేషన్ పెడితే? 4.27 లక్షలతో పోయేదానికి 7.57 లక్షలు కోస్తారు. మిగిలిన 3.3 లక్షలు కంపెనీకి లాభం. పన్ను తక్కువ దేశాలకు పంపేటప్పుడు ఇది తరచూ జరుగుతుంది, దాచిపెట్టి చేసేదేమీ కాదు, పాలసీలోనే ఉంటుంది. ట్యాక్స్ ప్రొటెక్షన్ అని మరో పద్ధతి ఉంది. అందులో ఎక్కువ పడితే కంపెనీ భరిస్తుంది, తక్కువ పడితే ఆ తేడా మీకే. లెటర్‌లో ఈ రెంటిలో ఏ మాట వాడారో చూడండి. అలాగే హైపో పన్నును ఏ ఆదాయం మీద లెక్కిస్తున్నారో అడగండి. ఇండియా జీతం, బోనస్ మీద లెక్కించడం న్యాయం. విదేశీ అలవెన్సులను కూడా అందులో కలిపితే ఒప్పుకోకండి.

బయలుదేరే తేదీకి కూడా పన్ను విలువ ఉంది. ఉద్యోగం కోసం దేశం వదిలే భారతీయుడు ఆ ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు లేదా అంతకంటే ఎక్కువ ఇక్కడ ఉంటే రెసిడెంట్ అవుతాడు. ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా ఇక్కడ చూపాలి. ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 28 దాకా 181 రోజులు. ఆలోపు విమానమెక్కితే నాన్ రెసిడెంట్, అక్టోబరులో ఎక్కితే ఆ ఆరు నెలల సింగపూర్ జీతం కూడా ఇక్కడి రిటర్న్‌లోకి వస్తుంది, అక్కడ కట్టిన పన్నుకు క్రెడిట్ తీసుకోవాలి. ఈక్వలైజేషన్ ఉంటే ఈ తలనొప్పి కంపెనీది, లేకపోతే తేదీ మీరే చూసుకోవాలి. మార్చిలోపు సెలవుకు వచ్చి ఇక్కడ గడిపే రోజులు కూడా ఈ లెక్కలో కలుస్తాయని మరిచిపోవద్దు. ఇంకో చిక్కు: నాన్ రెసిడెంట్ అయినా జీతం నేరుగా ఇండియా ఖాతాలో పడితే, ఇక్కడ అందిన ఆదాయంగా దానిమీద ఇక్కడ పన్ను ప్రశ్న వస్తుంది. జీతం ఏ దేశపు ఖాతాలో వేస్తారో ముందే తేల్చుకోవాలి.

ఇంటి విషయంలో అంకె కంటే అగ్రిమెంటు మీద సంతకం ఎవరిదన్నది ముఖ్యం. సింగపూర్‌లో సాధారణంగా రెండేళ్ల లీజు, ఏడాదికి ఒక నెల చొప్పున రెండు నెలల డిపాజిట్. మొత్తం అద్దె మీద 0.4 శాతం స్టాంపు డ్యూటీ అద్దెకుండేవారిదే. మన ఉదాహరణలో రెండేళ్ల అద్దె 1,08,000 కాబట్టి అది 432 డాలర్లు, పెద్ద మొత్తం కాదు. ప్రాజెక్టు తొమ్మిదో నెలలో ఆగిపోతే మాత్రం పెద్ద దెబ్బ తగులుతుంది. అక్కడి లీజుల్లో 'డిప్లొమాటిక్ క్లాజ్' అని ఒకటి పెడతారు. ఉద్యోగం పోయినా వేరే దేశానికి బదిలీ అయినా సాధారణంగా 12 నెలల తర్వాత రెండు నెలల నోటీసుతో ఇల్లు వదలవచ్చు. ఇది లేని లీజు మీద మీ పేరుతో సంతకం పెట్టకండి. ఉన్నా, మొదటి ఏడాదిలోనే వెనక్కి పిలిస్తే మిగిలిన నెలల అద్దె ఎవరిదో కంపెనీ లెటర్‌లో ఉండాలి. లీజు కంపెనీ పేరునే ఉంటే ఈ గొడవే లేదు.

బడికి 24,000 డాలర్లు అని ఉంటే అది ట్యూషన్ ఫీజా, అన్నీ కలిపా? దరఖాస్తు, ప్రవేశ రుసుములు, బస్సు, యూనిఫాం విడిగా ఉంటాయి. చాలా పాలసీలు ఒకటో తరగతి నుంచే ఇస్తాయి, నర్సరీ పిల్లలకు ఇవ్వవు. సింగపూర్‌లో గ్లోబల్ ఇండియన్ ఇంటర్నేషనల్ స్కూల్ వంటి చోట్ల సీబీఎస్‌ఈ ఉంది కాబట్టి తిరిగొచ్చాక ఇబ్బంది తక్కువ. కానీ ఆ బోర్డు పదో తరగతి పరీక్షకు తొమ్మిదిలో, పన్నెండుకు పదకొండులో పేర్లు నమోదు చేస్తుంది. ఆ మధ్యలో బడి మారడం కష్టం. అసైన్‌మెంట్ అక్టోబరులో ముగిస్తే విద్యా సంవత్సరం చివరిదాకా ఫీజు, కుటుంబం ఉండటానికి ఇల్లు కంపెనీ కొనసాగిస్తుందా అని అడగాలి.

సెలవు టికెట్ల దగ్గర గొడవ తక్కువ. ఏడాదికోసారి కుటుంబానికంతటికీ ఎకానమీ టికెట్లు ఇవ్వడం మామూలు. నగదుగా తీసుకోవచ్చా, ప్రయాణ రోజులు మీ వార్షిక సెలవులోంచి పోతాయా అన్నది చూస్తే చాలు. అమ్మానాన్నలకు ఆరోగ్యం బాగోక హఠాత్తుగా రావలసి వస్తే ఆ టికెట్ వేరుగా ఉండాలి. దానికోసం వార్షిక టికెట్ వాడేస్తే సంక్రాంతికి సొంత డబ్బుతో రావాల్సిందే.

తిరుగు ప్రయాణంలో ఒక కాగితం అందరినీ కంగారు పెడుతుంది. విదేశీ ఉద్యోగి ఉద్యోగం మానేస్తున్నా, దేశం వదిలి వెళ్తున్నా కనీసం నెల ముందు యజమాని ఐఆర్21 ఫారం ఇచ్చి, పన్ను తేలేదాకా అతనికి ఇవ్వాల్సిన డబ్బంతా ఆపి ఉంచాలి. చివరి నెల జీతం ఆగిందని హెచ్‌ఆర్‌తో పోట్లాడి లాభం లేదు, అది చట్టం. ఆ నెలకు సరిపడా డబ్బు చేతిలో ఉంచుకోండి.

అంతటితో అయిపోదు. రెండు దేశాల రిటర్నులూ వేశాక, ఒక్కోసారి మీరు హైదరాబాద్ వచ్చి ఏడాది దాటాక, ఈక్వలైజేషన్ తుది లెక్క వస్తుంది. ఆ ఏడాది బోనస్ పెరిగి హైపో పన్ను తక్కువ కోసి ఉంటే, తేడా మీరు కంపెనీకి కట్టాలి. పన్ను రీఫండ్ మీ ఖాతాలో పడినా అది కంపెనీదే. ఈలోగా ఉద్యోగం మారితే పాత కంపెనీ నుంచి ఈ బిల్లు కొత్త చిరునామాకు వస్తుంది. మధ్యలో రాజీనామా చేస్తే ఏయే ఖర్చులు వెనక్కి అడుగుతారు, అసైన్‌మెంట్ కాలపు బోనస్ తర్వాత వస్తే దాని పన్ను ఎవరిది అన్న రెండు వాక్యాలు లెటర్‌లో చివరి పేజీల్లో ఉంటాయి. సంతకానికి ముందు అక్కడి నుంచే చదవడం మొదలుపెట్టండి.