ఇద్దరూ మావలే!

మా ఆయనకి యాభై దగ్గర పడుతోంది. కాలేజీ నాటి స్నేహితుడు ఫోన్ చేస్తే ఇప్పటికీ "మావా, ఎక్కడ చచ్చావ్రా?" అనే మొదలు. ఈయన ఇటునుంచి "చెప్పు మావా" అంటారు. పెళ్లయిన కొత్తలో వాళ్లేదో దగ్గరి చుట్టాలనుకుని మర్యాదలు తెగ చేసేశాను!

అలాంటి మనిషి మొన్న విజయవాడ బెంజి సర్కిల్‌లో సిగ్నల్ దగ్గర అగ్గిమీద గుగ్గిలమయ్యారు. వెనక మా అమ్మాయి కూర్చుంది, ఇంటర్ చదువుతోంది. పక్క బండిమీద కుర్రాడు దాన్నొకసారి, ఈయన్నొకసారి చూసి "ఏం మావా, దారివ్వవా?" అన్నాడట. "రోజూ అనిపించుకునే మాటేగా?" అన్నాను. నన్ను కొరికేసేలా చూశారు.

చూశారుగా, మావంటే అమ్మ తమ్ముడే కాదు, పిల్లనిచ్చినవాడూ మావే. పక్కన ఆడపిల్లని పెట్టుకున్న మగాణ్ణి ముక్కూమొహం తెలియనివాడు ఆ మాట అంటే, నీ కూతురు నాకు వరసవుతుందని నడిరోడ్డు మీద చెప్పినట్టే. అన్న, పెదనాన్న అన్నప్పుడు ఆ గొడవ లేదు. అవి సొంతింటి వరసలు, అక్కడ ఎకసెక్కాలు చెల్లవు. మావా, బావా అనే వైపే సరసాలు, వెక్కిరింతలు. స్నేహితులు కోరి ఆ వరస కలుపుకునేది తిట్టుకునే చనువు కోసమే. బాబాయ్ ఒక్కటీ ఈ లెక్కకి లొంగదు. అదీ సొంతింటి వరసే, అయినా మనవైపు కుర్రాళ్లు ఒకర్నొకరు ఇష్టంగా పిలుచుకుంటారు.

ఇంకో చిత్రం గమనించారా? నిజం చుట్టరికంలో మావా అంటే "ఏం అల్లుడూ" అని జవాబొస్తుంది. స్నేహితుల్లో ఇద్దరూ మావలే. అక్కడ పెద్దా చిన్నా లేదు, పిల్లనిచ్చేదీ లేదు. అదే సిగ్నల్ దగ్గర మా ఆయన "ఏం అల్లుడూ" అన్నారనుకోండి, సంబంధం ఖాయం చేసినట్టవుతుంది! పోనీ "ఏం మావా" అందామంటే వాడు మనకేమన్నా స్నేహితుడా? అలా నోరు కట్టేస్తుంది కాబట్టే ఆ మాట అంత మండిస్తుంది.

"అన్నా" సంగతి వేరు. మా కృష్ణా జిల్లాలో తెలియనివాళ్లు "అన్నా, కాస్త జరగండి" అంటే మర్యాద, "జరుగన్నా" అంటే కొంచెం గుచ్చుకుంటుంది. హైదరాబాద్‌లో మా ఆడపడుచు ఇంటి దగ్గర మాత్రం "అన్నా, జర జరుగు" అని చల్లగా అంటారు, ఎవరూ తప్పు పట్టరు. అక్కడ ఏకవచనం చూసి కాదు, సాగదీత చూసి పోల్చుకోవాలి. "ఏందన్నాఆ..." అని దీర్ఘం తీసి, పైనుంచి కిందకి చూస్తే గొడవకి పిలిచినట్టే.

ఇంతకీ ఆ రోజు మా అమ్మాయి తెలివే తెలివి. వాళ్ల నాన్న నోరు తెరిచేలోపే "అన్నయ్యా, సిగ్నల్ పడింది, పదండి" అందట. ఆ కుర్రాడు హారనన్నా కొట్టకుండా వెళ్లిపోయాడట.